హావర్‌సైన్ సూత్రం: బోగోలు నుంచి శ్రీహరికోటకు దూరం

హావర్‌సైన్ సూత్రం అంటే, భూమి మీద రెండు చోట్ల అక్షాంశ రేఖాంశాలు తెలిస్తే వాటి మధ్య నేలను అంటిపెట్టుకుని కొలిచే అతి తక్కువ దూరాన్ని లెక్కగట్టే సూత్రం. ఇది భూమిని నిఖార్సైన గోళంగా భావిస్తుంది. దారులు, వంకలు, చెరువులు దీనికి పట్టవు. నెల్లూరు జిల్లా బోగోలు నుంచి శ్రీహరికోటకు వెళ్లాలంటే నెల్లూరు, నాయుడుపేట, సూళ్లూరుపేట మీదుగా వెళ్లి పులికాట్ సరస్సు దాటాలి. సూత్రం చెప్పే దూరం ఆ ప్రయాణపు దూరం కాదు, ఆకాశమార్గాన తిన్నగా వెళితే ఎంత అన్నది. మ్యాపు అప్లికేషన్లు 'మీకు దగ్గరలో ఉన్నవి' అని చూపించేటప్పుడు, పడవలోని జీపీఎస్ 'హార్బర్ ఇంకా ఇంత దూరం' అని చెప్పేటప్పుడు జరిగేది ఈ జాతి లెక్కే.

ఈ వ్యాసంలో బోగోలు–శ్రీహరికోట దూరాన్నే ఉదాహరణగా తీసుకుంటున్నాం. అందుకు కారణం ఉంది. నెల్లూరు తీరం దాదాపు ఉత్తర దక్షిణాలుగా సాగుతుంది. సరిగ్గా అలాంటి దిశలోనే, మన అక్షాంశాల దగ్గరే, ఈ సూత్రం ఎక్కువగా తప్పుతుంది. ఎంత తప్పుతుందో, ఎటువైపు తప్పుతుందో ముందే చెప్పవచ్చు కూడా.

సూత్రం

```
a = sin²(Δφ/2) + cos φ1 · cos φ2 · sin²(Δλ/2)
d = 2 · R · asin(√a)
```

ఇందులో φ1, φ2 రెండు చోట్ల అక్షాంశాలు. Δφ అక్షాంశాల తేడా, Δλ రేఖాంశాల తేడా. R భూమి సగటు వ్యాసార్ధం, 6,371 కిలోమీటర్లు. d మనకు కావలసిన దూరం.

చూడటానికి బెదిరించినా దీని వెనుక ఉన్నది బడిలో నేర్చుకున్న పైథాగరస్ సిద్ధాంతం లాంటిదే. మొదటి పదం ఉత్తర దక్షిణాల తేడాకు లెక్క, రెండోది తూర్పు పడమరల తేడాకు లెక్క. రెండో దానికి కొసైన్లు ఎందుకు తగిలించారంటే, భూమధ్యరేఖ నుంచి ధ్రువాల వైపు వెళ్లేకొద్దీ రేఖాంశాలు ఒకదానికొకటి దగ్గరవుతాయి. ఒక డిగ్రీ రేఖాంశం భూమధ్యరేఖ మీద 111 కిలోమీటర్లు ఉంటే, బోగోలు దగ్గర దాదాపు 107.5 కిలోమీటర్లకు తగ్గుతుంది. ధ్రువం దగ్గర సున్నా అవుతుంది. కొసైన్ ఆ తగ్గుదలను లెక్కలోకి తెస్తుంది.

చేసి చూద్దాం

బోగోలు ప్రాంతాన్ని 14.80 ఉత్తర అక్షాంశం, 79.98 తూర్పు రేఖాంశంగా తీసుకుందాం. శ్రీహరికోట ప్రయోగ వేదికల ప్రాంతాన్ని 13.72, 80.23 గా తీసుకుందాం. రెండూ దశాంశం తర్వాత రెండు అంకెలకు కుదించినవే. ఆ కుదింపు వల్ల ఒక్కో చోటు అర కిలోమీటరు అటూ ఇటూ జరగవచ్చు. పద్ధతి చూపడానికి ఇది చాలు.

అక్షాంశాల తేడా 1.08 డిగ్రీలు, అందులో సగం 0.54. రేఖాంశాల తేడా 0.25, అందులో సగం 0.125. సైన్ 0.54 డిగ్రీల విలువ 0.00942464. దాని వర్గం 0.0000888238. ఇది ఉత్తర దక్షిణాల వాటా.

సైన్ 0.125 డిగ్రీల విలువ 0.00218166, దాని వర్గం 0.0000047596. దీన్ని రెండు కొసైన్లతో గుణించాలి. కొసైన్ 14.80 విలువ 0.966823, కొసైన్ 13.72 విలువ 0.971466, రెండింటి లబ్ధం 0.939236. గుణిస్తే తూర్పు పడమరల వాటా 0.0000044704 వస్తుంది.

రెండు వాటాలూ కూడితే a విలువ 0.0000932943. ఇందులో 95 శాతం ఉత్తర దక్షిణాలదే. అంటే మన గీత దాదాపు దక్షిణంగా దిగుతూ కొద్దిగా తూర్పుకు వాలుతోంది. a వర్గమూలం 0.00965890. దాని ఆర్క్‌సైన్ 0.00965905 రేడియన్లు, రెట్టింపు చేస్తే 0.0193181. ఇది భూకేంద్రం దగ్గర ఆ రెండు చోట్ల మధ్య ఏర్పడే కోణం. 6,371 తో గుణిస్తే దూరం 123.08 కిలోమీటర్లు.

జవాబు నమ్మదగినదేనా అని చూసుకోవడానికి కాగితం మీద రెండు ముక్కల లెక్క చాలు. ఒక డిగ్రీ అక్షాంశం సుమారు 111 కిలోమీటర్లు కాబట్టి 1.08 డిగ్రీలు సుమారు 120. పావు డిగ్రీ రేఖాంశం సుమారు 27. జవాబు 120 కంటే ఎక్కువ, 147 కంటే తక్కువ ఉండి తీరాలి. ఆ పరిధి దాటిందంటే ఎక్కడో పొరపాటు జరిగిందన్నమాట. కంప్యూటర్ చేసిన లెక్కకైనా ఈ పరీక్ష పెట్టాల్సిందే.

ఇక్కడ 'సరళరేఖా దూరం' అన్న మాట గురించి ఒక వివరం. ఈ సూత్రం ఇచ్చేది గోళం ఉపరితలం మీద చాపం పొడవు. అసలు సిసలు సరళరేఖ గీయాలంటే భూమిని తొలుచుకుంటూ పోవాలి. దాని పొడవు కూడా సూత్రంలోనే దొరుకుతుంది. ఆర్క్‌సైన్ తీయకుండా √a ని నేరుగా 2R తో గుణిస్తే చాలు. మన ఉదాహరణలో ఆ సొరంగం పొడవు చాపం కంటే రెండు మీటర్లే తక్కువ. కానీ మధ్యదారిలో అది గోళం ఉపరితలానికి దాదాపు 297 మీటర్ల లోతున ఉంటుంది. 120 కిలోమీటర్లలోనే భూమి అంత వంగుతుంది.

కొసైన్ సూత్రం ఉండగా ఇదెందుకు

గోళం మీద దూరానికి ఇంతకంటే పాత సూత్రం ఒకటి ఉంది. అది కోణాన్ని కాక కోణపు కొసైన్‌ను ఇస్తుంది. గణితపరంగా రెండూ ఒకటే. తేడా అంతా అంకెలు ఎన్ని నిలబడతాయన్న దగ్గరే ఉంది.

చిన్న కోణాల కొసైన్ 1 కి చాలా దగ్గరగా ఉంటుంది. బోగోలు మండలంలోని జువ్వలదిన్నె తీరాన రెండు పడవలు 100 మీటర్ల ఎడంలో ఉన్నాయనుకుందాం. భూకేంద్రం దగ్గర వాటి మధ్య కోణపు కొసైన్ 0.99999999988. నావికుల చేతిలో ఉండే ఏడంకెల పట్టికలో ఇది 1.0000000 అవుతుంది. అంటే దూరం సున్నా. 100 మీటర్లే కాదు, 2 కిలోమీటర్ల లోపు ఏ దూరానికైనా పట్టిక ఇచ్చే జవాబు సున్నాయే. పట్టికలో దాని పక్కనున్న విలువ 0.9999999. దానికి తగిన దూరం 2.85 కిలోమీటర్లు. ఆ తర్వాతది 4.03. మధ్యలో మరే దూరమూ రాదు.

హావర్‌సైన్ ఈ ఇబ్బందిని మూలంలోనే తప్పిస్తుంది. ఒక కోణపు హావర్‌సైన్ అంటే 1 నుంచి ఆ కోణపు కొసైన్ తీసివేయగా మిగిలినదాంట్లో సగం. అదే అర్ధకోణపు సైన్ వర్గం కూడా. తీసివేత ముందే జరిగిపోయింది కాబట్టి మిగిలిన చిన్న సంఖ్య తన అంకెలన్నీ నిలుపుకుంటుంది. సగానికి ముందున్న రాశి, అంటే 1 నుంచి కొసైన్ తీసివేయగా వచ్చేది, మన సిద్ధాంత గ్రంథాలకు ఉత్క్రమజ్యగా బాగా తెలిసినదే. సూర్యసిద్ధాంతం జ్యాపట్టికతో పాటు దాన్నీ ఇస్తుంది.

ఐరోపాలో 1805లో జేమ్స్ ఆండ్రూ హావర్‌సైన్ పట్టికలు ప్రచురించాడు. హావర్‌సైన్ అన్న పేరు మాత్రం జేమ్స్ ఇన్మన్ 1835లో తన నౌకాయాన గ్రంథంలో వాడాక స్థిరపడింది. కాలిక్యులేటర్లు వచ్చాక పట్టికలు మూలపడ్డాయి. తక్కువ అంకెలతో లెక్కించే తొలి కంప్యూటర్లలో పాత ఇబ్బంది మళ్లీ తలెత్తడంతో, ఆర్. డబ్ల్యూ. సినాట్ 1984లో స్కై అండ్ టెలిస్కోప్ పత్రికలో హావర్‌సైన్ మేలును గుర్తు చేశాడు. ఇప్పటి కంప్యూటర్లు మామూలుగా పదిహేను పదహారు అంకెలతో లెక్కిస్తాయి కాబట్టి కొసైన్ సూత్రం కూడా మీటరు దాకా బాగానే పనిచేస్తుంది. అయితే మెమరీ ఆదా కోసం ఏడంకెల సంఖ్యలతోనే నడిచే చిన్న పరికరాలు ఇంకా ఉన్నాయి. వాటిలో కొసైన్ సూత్రం పెడితే కిలోమీటరున్నర లోపు దూరాలన్నీ సున్నా అవుతాయి.

నెల్లూరు తీరంలో ఎంత తప్పుతుంది

భూమి నిఖార్సైన గోళం కాదు. జీపీఎస్ వాడే డబ్ల్యూజీఎస్ 84 కొలతల ప్రకారం భూమధ్యరేఖ దగ్గర వ్యాసార్ధం 6,378.137 కిలోమీటర్లు, ధ్రువాల దగ్గర 6,356.752. ఈ 21 కిలోమీటర్ల తేడా హావర్‌సైన్ లెక్కను గరిష్ఠంగా అర శాతం వరకు తప్పిస్తుందని పుస్తకాలు చెబుతాయి. ఆ మాటను చాలామంది 'ఎప్పుడో ఎక్కడో అర శాతం' అని అర్థం చేసుకుంటారు. నెల్లూరు తీరం వెంట కొలిచేవారికి అది ఎక్కడో కాదు, ఇక్కడే.

భూమధ్యరేఖ దగ్గర భూమి ఉబ్బి ఉంది కాబట్టి ఒక డిగ్రీ అక్షాంశం అక్కడ ఎక్కువ పొడవుండాలని మొదట తోస్తుంది. నిజం దానికి తలకిందులు. ఒక డిగ్రీ ఎంత పొడవన్నది కేంద్రం నుంచి ఉన్న దూరాన్ని బట్టి కాదు, నేల ఎంత త్వరగా వంగుతోందన్నదాన్ని బట్టి తేలుతుంది. ఉబ్బు దగ్గర ఉత్తర దక్షిణంగా వంపు ఎక్కువ, కాబట్టి తక్కువ దూరం నడిస్తేనే ఒక డిగ్రీ పూర్తవుతుంది. ధ్రువాల దగ్గర నేల చదునుబారి ఉంటుంది, అక్కడ డిగ్రీ పొడవెక్కువ. ఫ్రెంచి శాస్త్రవేత్తలు 1730లలో ఒక బృందాన్ని భూమధ్యరేఖ దగ్గరున్న పెరూ ప్రాంతానికి, మరో బృందాన్ని ఉత్తరాన లాప్‌లాండ్‌కు పంపి కొలిపించి తేల్చుకున్నది దీన్నే.

బోగోలు, శ్రీహరికోట నడుమ ఒక డిగ్రీ అక్షాంశం అసలు పొడవు 110.64 కిలోమీటర్లు. 6,371 వ్యాసార్ధం గల గోళం మీద అది 111.19. అంటే ఉత్తర దక్షిణంగా ప్రతి కిలోమీటరుకూ సూత్రం 5 మీటర్లు ఎక్కువ చెబుతోంది. తూర్పు పడమరలుగా మాత్రం అది కొద్దిగా తక్కువ చెబుతుంది, కిలోమీటరుకు ఒక మీటరు పైచిలుకు. మన ఉదాహరణలో ఉత్తర దక్షిణాలదే పైచేయి. నొక్కుడు గోళం మీద అదే దూరం లెక్కిస్తే 122.50 కిలోమీటర్లు వస్తుంది. హావర్‌సైన్ 123.08 అంది. తేడా 570 మీటర్ల పైనే.

దీనికో సులువు ఉంది. వ్యాసార్ధంగా 6,371 బదులు 6,341 పెడితే పై ఉదాహరణకు 122.50 వచ్చేస్తుంది. రామాయపట్నం నుంచి పులికాట్ దాకా తీరం వెంట కొలిచే దూరాలన్నిటికీ ఇంచుమించు ఇదే పనికొస్తుంది. కానీ బోగోలు నుంచి నేరుగా తూర్పుకు, సముద్రంలోకి కొలవాలంటే ఈ సంఖ్య వాడకూడదు. ఆ దిశకు తగిన వ్యాసార్ధం 6,379. ఒకే చోట, ఒకే నేల మీద, దిశ మారితే వ్యాసార్ధం దాదాపు 40 కిలోమీటర్లు మారిపోతోంది. అన్ని దిశలకూ పనికొచ్చే లెక్క కావాలంటే 1975లో థాడియస్ విన్సెంటీ ఇచ్చిన పద్ధతికో, 2013లో చార్లెస్ కార్నీ ప్రచురించిన పద్ధతికో పోవాలి. దగ్గరలోని ఆస్పత్రి ఏదో వెతకడానికి అంత అక్కరలేదు, హావర్‌సైన్ చాలు. సరిహద్దు తగాదాకో, కేబుల్ పొడవుకో మాత్రం అది చాలదు.

తప్పు జరిగే చోట్లు

సూత్రం కంటే ఎక్కువగా దెబ్బతీసేది దానికి అందించే అంకెలు. పడవల్లోని జీపీఎస్ పరికరాలు తరచూ డిగ్రీలు, నిమిషాల్లో చూపిస్తాయి. 14.80 డిగ్రీలు వాటి మీద 14° 48.00′ అని కనిపిస్తుంది. డిగ్రీకి 60 నిమిషాలు కాబట్టి 48 ని 60 తో భాగిస్తేనే 0.80 వస్తుంది. అలా చేయకుండా 14.48 అని రాసుకుంటే బోగోలు కాస్తా 35 కిలోమీటర్లు దక్షిణానికి జరిగి నెల్లూరు దాపుకు చేరుతుంది. జవాబు ఎక్కడా అసంభవంగా కనిపించదు, అందుకే ఈ పొరపాటు పట్టుబడదు.

అక్షాంశం, రేఖాంశం తారుమారైతే మరీ ప్రమాదం. కొన్ని మ్యాపులు అక్షాంశాన్ని ముందు రాస్తాయి, జియోజేసన్ లాంటి ఫైళ్లు రేఖాంశాన్ని ముందు రాస్తాయి. మన రెండు చోట్లనూ అలా తిరగేస్తే అవి ఆర్కిటిక్‌లో స్వాల్‌బార్డ్ దీవుల ప్రాంతానికి వెళ్లిపోతాయి. అక్కడ రేఖాంశాలు ఇరుకిరుగ్గా ఉంటాయి కాబట్టి దూరం 34.6 కిలోమీటర్లని వస్తుంది. చూస్తే సబబుగానే ఉంటుంది. 120 కంటే ఎక్కువ ఉండాలని ముందే అనుకున్నవారికి మాత్రమే అది తప్పని తెలుస్తుంది.

డిగ్రీలను రేడియన్లుగా మార్చడం మరిచిపోతే దాచుకునే అవకాశం లేదు. ఇదే ఉదాహరణకు జవాబు 6,800 కిలోమీటర్లు దాటుతుంది.

ఇంకొకటి పాత పటాలకు సంబంధించినది. విలియం లాంబ్టన్ 1802లో మద్రాసులోని సెయింట్ థామస్ మౌంట్ దగ్గర ఆధార రేఖ కొలిచి మొదలుపెట్టిన సర్వే తర్వాతి కాలంలో ఎవరెస్ట్ గోళాభం మీద ఆధారపడింది. పాత సర్వే ఆఫ్ ఇండియా పటాల్లోని అక్షాంశ రేఖాంశాలు దాని ప్రకారం గీసినవే. 2005 జాతీయ పటాల విధానం తర్వాత ప్రజలకిచ్చే పటాలు డబ్ల్యూజీఎస్ 84 కు మారాయి. రెండు చోట్లనూ ఒకే పద్ధతిలో తీసుకుంటే దూరంలో పెద్ద తేడా రాదు. ఒకటి పాత పటం నుంచి, ఒకటి ఫోన్ నుంచి తీసుకుంటే మాత్రం వంద మీటర్లకు పైగా తేడా వచ్చి పడుతుంది.

ప్రోగ్రాము

```python
from math import radians, sin, cos, asin, sqrt

def haversine(lat1, lon1, lat2, lon2, R=6371.0):
    p1, p2 = radians(lat1), radians(lat2)
    dp = p2 - p1
    dl = radians(lon2 - lon1)
    a = sin(dp/2)**2 + cos(p1)*cos(p2)*sin(dl/2)**2
    return 2 * R * asin(sqrt(min(1.0, a)))

print(haversine(14.80, 79.98, 13.72, 80.23))
```

`return` వరుసలో `min` ఎందుకంటే, రెండు చోట్లు భూగోళానికి సరిగ్గా ఎదురెదురుగా ఉన్నప్పుడు గుణకారాల్లో పోగైన సూక్ష్మ దోషం వల్ల a విలువ 1 ని వెంట్రుకవాసి దాటవచ్చు. 1 కంటే పెద్ద సంఖ్యకు ఆర్క్‌సైన్ లేదు, ప్రోగ్రాము అక్కడే ఆగిపోతుంది.

దూరం పెరిగినప్పుడు

నిజానికి బోగోలు–శ్రీహరికోట లాంటి దూరాలకు నేలను చదునుగా భావించి పైథాగరస్‌తో లెక్కించినా, మధ్య అక్షాంశపు కొసైన్ వాడితే, అదే 123.08 వస్తుంది. గోళం లెక్క విలువ పెద్ద దూరాల్లో బయటపడుతుంది. తెలుగువారు ఎందరో స్థిరపడిన డాలస్‌ను తీసుకుందాం. దాని అక్షాంశం 32.78, రేఖాంశం పడమర 96.80. పడమర కాబట్టి రుణ సంఖ్యగా, -96.80 అని ఇవ్వాలి. గుర్తు మరిచిపోతే డాలస్ చైనాలోకి వస్తుంది.

బోగోలుతో రేఖాంశాల తేడా 176.78 డిగ్రీలు. a విలువ 0.8366, కేంద్రం దగ్గర కోణం 132.3 డిగ్రీలు, దూరం సుమారు 14,710 కిలోమీటర్లు. చదును లెక్క అయితే 18,100 అంటుంది. గోడ మీది పటంలో ఈ రెండు ఊళ్ల మధ్య గీత గీస్తే అది అరేబియా, ఆఫ్రికా, అట్లాంటిక్ మీదుగా పోతుంది. గోళం మీద అతి దగ్గరి దారి మాత్రం బోగోలు నుంచి తిన్నగా ఉత్తరానికి బయల్దేరి, ఉత్తర ధ్రువానికి 400 కిలోమీటర్ల లోపు నుంచి సాగి, అటువైపు కెనడా మీదుగా టెక్సాస్‌కు దిగుతుంది.